ఓఆర్‌ఎస్ డబ్బానా, ఆరింటి ఉప్మానా? రాత్రి షటిల్ ఆడే ఉద్యోగుల మీద చర్చ

యాంకర్: నమస్కారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా కాని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఏళ్ల పోరాటం ఉంది. మరి డ్యూటీ దిగి రాత్రి షటిల్ ఆడేవాళ్లు? కోర్టు కౌంటర్లో వాళ్లు కొనేదీ చక్కెర నీళ్లే కదా! అందరికీ సమానంగా సమయం ఇస్తాను. కోచ్ గారూ, మోసమేనా?

కోచ్: డబ్బా సంగతి తర్వాత సార్. ముందు కడుపు సంగతి చూడండి. మా దగ్గరికొచ్చే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒంటిగంటకు లంచ్ చేస్తాడు. మధ్యలో రెండు టీలు, అంతే. ఎనిమిదిన్నరకు కోర్టులో దిగుతాడు. మూడో గేముకు స్మాష్ నెట్‌కు తగులుతుంది. "స్టామినా లేదు సార్" అంటాడు. స్టామినా కాదు, తిండి లేదు!

యాంకర్: తిండి లేదు కాబట్టే డబ్బా కొంటున్నాడు, మోసపోతున్నాడు...

డైటీషియన్: ఒక్క నిమిషం. విరేచనాలైన పిల్లాడికి ఎక్కువ చక్కెర హాని చేస్తుంది, నిజమే. కానీ గంట దాటి గట్టిగా ఆడేవాడికి కొంచెం చక్కెర పనికొస్తుంది. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. అది నీళ్లు, ఉప్పు నిలబెట్టడానికే గానీ ఆటకు శక్తినివ్వడానికి...

యాంకర్: అంటే చక్కెర మంచిదంటారా? ప్రేక్షకులు వింటున్నారు మేడమ్!

డైటీషియన్: మంచిదనలేదు. ఎవరికి, ఎప్పుడు అన్నది...

కోచ్: (గొంతు పెంచి) నేను చెబుతా. డెబ్బై కిలోల మనిషిని తీసుకోండి. ఆరింటికి ఆఫీసు క్యాంటీన్లోనే ప్లేటు ఉప్మానో నాలుగు ఇడ్లీలో తినాలి. మిరపకాయ బజ్జీ కాదు, నూనె అరగదు. ఎనిమిదికి ఒక అరటిపండు. అయిపాయె! డబ్బా ఎందుకు?

ఆటగాడు: ఆరింటికి మాకు అమెరికా వాళ్ల కాల్ ఉంటుంది సార్.

కోచ్: కెమెరా ఆపి తిను!

(నవ్వులు)

డైటీషియన్: కోచ్ గారు చెప్పింది సరైనదే. మ్యాచ్‌కు రెండు, రెండున్నర గంటల ముందు అన్నం జాతి తిండి పడాలి. అయితే చెమట మనిషి మనిషికీ మారుతుంది. ఆటకు ముందూ తర్వాతా బరువు చూసుకోమంటాను. మీరు చూశారా?

ఆటగాడు: చూశాను. 72 ఉన్నవాణ్ని 70.8 అయ్యాను. కొవ్వు కరిగిందని సంబరపడ్డాను.

డైటీషియన్: అది నీళ్లండీ. కిలో తగ్గితే దాదాపు లీటరు పోయినట్టు. ఒకటిన్నర లీటరు దాకా మళ్లీ తాగాలి, ఉప్పుతో సహా. అదంతా పదకొండింటికి తాగి పడుకుంటే రాత్రంతా బాత్రూమే. కాబట్టి మధ్యాహ్నం నుంచే...

యాంకర్: కొబ్బరి నీళ్లు తాగితే? సహజం, మోసం లేదు!

డైటీషియన్: దాంట్లో పొటాషియం ఎక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. ఉప్పేసిన మజ్జిగ నయం.

యాంకర్: చూశారా, మజ్జిగ ముందు కంపెనీల డబ్బా ఎందుకూ పనికిరాదు!

డైటీషియన్: నేనలా అనలేదు...

కోచ్: అసలు దొంగ మ్యాచ్ తర్వాత ఉంటాడు సార్. పదకొండుకు గ్యాంగ్ మొత్తం బిర్యానీకి పోతారు. నూనె, మసాలా, పైన కూల్ డ్రింకు. ఒంటిగంటకు గుండెల్లో మంట. పొద్దున కాళ్లు పట్టేస్తే నన్ను తిడతారు. ఇంటికెళ్లి పెరుగన్నం, మూడు గుడ్లు తినమంటా. పద్దెనిమిది గ్రాముల ప్రొటీన్. ఏ పౌడరూ వద్దు!

ఆటగాడు: రాత్రి అన్నం తింటే లావవుతామని జిమ్ వాళ్లు...

కోచ్: గంటన్నర గెంతినోడికి అన్నం మాన్పిస్తారా? వాణ్ని నా ముందుకు తీసుకురా!

డైటీషియన్: గుండెల్లో మంట అన్నారు కదా, ఒక మాట చెప్పాలి. ఆటలో ఛాతీ బరువెక్కినా, నొప్పి దవడకో చేతికో పాకినా దాన్ని గ్యాస్ అనుకుని...

కోచ్: మేడమ్, అది బిర్యానీ గ్యాసే, నేను రోజూ చూస్తా!

డైటీషియన్: రోజూ చూసేదే అయినా తిండి తర్వాత వచ్చిందా, ఆటలో వచ్చిందా అని అడగాలి. ఆటలో మొదలై ఆగితే తగ్గిందంటే డాక్టర్ దగ్గరికెళ్లాలి. అలాగే మ్యాచ్ అవగానే కుర్చీలో కూలబడకుండా పది నిమిషాలు...

యాంకర్: సమయం తక్కువుంది మేడమ్. సూటిగా, డబ్బా కొనాలా వద్దా?

డైటీషియన్: ముందు లేబుల్ చదవాలి. లీటరుకు చక్కెర అరవై, ఎనభై గ్రాముల్లో ఉంటే ఆటలో...

కోచ్: వద్దు! ఉప్మా!

యాంకర్: స్పష్టమైన మాట! కోచ్ గారు చెప్పినట్టు డబ్బాలు మోసం, ఆరింటి ఉప్మానే...

డైటీషియన్: ఏడింటి టీ గురించి కూడా, దాని కెఫీన్ పడుకునేదాకా...

యాంకర్: విరామం తర్వాత అడుగుదాం.

కోచ్: టీ తాగనియ్యండి మేడమ్, పాపం!