మార్చిలో కట్టించిన పాలసీ మళ్ళీ మార్చికే వస్తుంది

(చెన్నై పెరంబూరులో, కొత్తగా బీమా ఏజెన్సీ తీసుకున్న తెలుగువారి కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది పోయిన ఏడాదే ఐసీ-38 పరీక్ష రాసి ఏజెన్సీ తీసుకున్నవారని నిర్వాహకులు చెప్పారు. పాలసీ ఎలా అమ్మాలో నేర్పడానికి మీ బ్రాంచిలో మనుషులున్నారు కాబట్టి ఆ పని నేను పెట్టుకోను. జీతం అనేది లేకుండా కమీషన్ మీదే బతికే ఈ వృత్తిలో డబ్బు ఏ నెలలో వస్తుంది, ఏ నెలలో రాదు, అది అలా ఎందుకు జరుగుతుంది అన్న ఒక్క విషయమే మాట్లాడతాను. ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరుకు రిజిస్ట్రేషన్ అయిన రోజుతో ఆ పార్టీతో లెక్క తీరిపోతుంది. మనకు మాత్రం మొదటి కమీషన్ దగ్గర లెక్క మొదలవుతుంది.

జీవిత బీమాలో మొదటి ఏడాది ప్రీమియం మీద పెద్ద కమీషన్, ఆ తర్వాత పార్టీ ప్రీమియం కట్టిన ప్రతిసారీ చిన్న కమీషన్ వస్తాయి. ఆ చిన్నదాన్నే రెన్యువల్ కమీషన్ అంటాం. రేట్లు కంపెనీని బట్టి, పాలసీ కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి లెక్క తేలికగా ఉండేందుకు మొదటి ఏడాది 25 శాతం, రెండు, మూడు సంవత్సరాలకు ఏడున్నర శాతం, ఆపైన 5 శాతం అనుకుందాం. ఒక్క ఏడాది ప్రీమియం కట్టి పాలసీ వదిలేసుకునేవారికి కూడా కొంత డబ్బు తిరిగి దక్కేలా సరెండర్ నిబంధనలు 2024 అక్టోబరు 1 నుంచి మారాక, ఎల్ఐసీ కూడా మొదటి ఏడాది కమీషన్‌ను తగ్గించింది. కాబట్టి పాత ఏజెంట్లు చెప్పే అంకెలను మీ బ్రాంచిలో ఒకసారి సరిచూసుకోండి. అంకెలు మారినా నేను చెప్పబోయే లెక్క తీరు మారదు.

ఒక కొత్త ఏజెంటు ఏప్రిల్‌లో పని మొదలుపెట్టి మార్చి ఆఖరికి 24 పాలసీలు చేశారనుకుందాం. ఒక్కోదానికి ఏడాది ప్రీమియం 20,000 రూపాయలు, అన్నీ ఏడాదికోసారి కట్టేవే. అంటే పాలసీకి 5,000, మొత్తం 1,20,000 రూపాయల కమీషన్. పన్నెండుతో భాగిస్తే నెలకు 10,000 వచ్చిందని డెవలప్‌మెంట్ ఆఫీసరు చెబుతారు, మనమూ ఇంట్లో అదే చెబుతాం. కానీ ఆ 10,000 ప్రతి నెలా రాదు. ఏప్రిల్‌లో ఒక్కటీ లేదు. మేలో ఒకటి, జూన్‌లో రెండు. జూలైలో మళ్ళీ సున్నా. చెన్నైలో తెలుగు ఏజెంటుకు ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది ఇక్కడే ఉంది. మనవాళ్ళలో కొందరు ఆషాఢంలో కొత్త సంతకం పెట్టరు, అది పోయేసరికి తమిళులకు ఆడి మాసం వచ్చి కూర్చుంటుంది. ఆగస్టు నుంచి డిసెంబరు వరకు కలిపి ఎనిమిది వస్తాయి. జనవరిలో మూడు, ఫిబ్రవరిలో నాలుగు, పన్ను మినహాయింపు రశీదు ఆఫీసులో ఇవ్వాల్సిన గడువు ముంచుకొచ్చి మార్చిలో ఆరు.

లెక్క చూడండి. మొదటి తొమ్మిది నెలలకు పదకొండు పాలసీలు, 55,000 రూపాయలు. చివరి మూడు నెలలకు పదమూడు పాలసీలు, 65,000. సగానికి పైగా ఆదాయం ఏడాదిలో నాలుగో వంతు కాలంలో వచ్చింది. మార్చి కమీషన్ బిల్లులో ఒకేసారి 30,000 చూసినవారు అదే తమ స్థాయి అనుకుని బండి వాయిదా ఒప్పుకుంటారు. ఆ వాయిదా ఏప్రిల్‌లో కూడా కట్టాలని, ఏప్రిల్‌లో బిల్లు ఖాళీగా ఉంటుందని అప్పటికి తోచదు.

రెండో ఏడాది రెన్యువల్ వస్తుంది కదా, అప్పుడు సర్దుకుంటుంది అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. రెన్యువల్ కమీషన్ పార్టీ ప్రీమియం కట్టిన నెలలోనే పుడుతుంది, పార్టీ ప్రీమియం పాలసీ మొదలైన నెలలోనే కడతారు. అందుకని ఏప్రిల్‌లో ఏమీ అమ్మనివారికి మరుసటి ఏప్రిల్‌లో రెన్యువల్ కూడా ఉండదు. జూలై సున్నా మళ్ళీ సున్నాయే. పాలసీకి 1,500 చొప్పున మార్చిలో మాత్రం ఆరింటికి 9,000 వస్తాయి, అదీ కొత్త వ్యాపారం ఎలాగూ పొంగే మార్చిలో. ఎండకాలం నీళ్ళులేని చెరువుకు వానాకాలం కాలువ తవ్వినట్టుంటుంది.

పైగా అందరూ కట్టరు. మొదటి 24 మందిలో నలుగురు రెండో ప్రీమియం దగ్గర, మరో ఇద్దరు మూడో ప్రీమియం దగ్గర ఆగిపోయారనుకుందాం. కొత్తవారికి ఇది అసాధారణమేమీ కాదు. ప్రతి ఏడాదీ 24 పాలసీలు చేస్తూ, ప్రతి జట్టులోనూ ఇంతమందే ఆగిపోతుంటే, అయిదో ఏట రెన్యువల్ ఎంతవుతుందో కాగితం మీద వేసి చూశాను. నాలుగో ఏటి జట్టులో మిగిలిన ఇరవై పాలసీల మీద 30,000, మూడో ఏటి జట్టులో మిగిలిన పద్దెనిమిదింటి మీద 27,000, అంతకు ముందు రెండు జట్లలో ఒక్కోదాని మీద 18,000. వెరసి 93,000. ఎవరూ ఆగకపోతే అది 1,20,000 అయ్యేది. అంటే అయిదేళ్ళ తర్వాత కూడా రెన్యువల్ నెలకు సగటున 8,000 లోపే. ‘అయిదేళ్ళు కష్టపడితే కూర్చుని తినొచ్చు’ అని రిక్రూట్‌మెంట్ సభలో చెప్పేవారిని ఈ లెక్క వేసి చూపించమనండి.

ఆగిపోయే పాలసీని నిలబెట్టడానికి ఏజెంట్లు చేసే ఒక పొరపాటు నేనూ చేశాను. నా రెండో ఏట ఒక పార్టీ, నాకు బాగా తెలిసినాయన, గ్రేస్ పీరియడ్ ముప్పై రోజుల్లో ఇరవై ఎనిమిదో రోజున ‘ఈసారికి మీరు కట్టెయ్యండి, జీతం రాగానే ఇస్తాను’ అన్నారు. పాలసీ ల్యాప్స్ అయితే బ్రాంచిలో మాట పడాలన్న భయంతో మా ఆవిడ పసుపు కుంకుమ డబ్బులోంచి 20,000 తీసి కట్టాను. 1,500 రూపాయల కమీషన్ వచ్చింది. ఇరవై వేలలో ఎనిమిది వేలు తిరిగొచ్చాయి, అదీ నాలుగు దఫాలుగా. మరుసటి ఏడాది ఆ పాలసీ ఎలాగూ ఆగిపోయింది. ల్యాప్స్ అయిన పాలసీని, మొదట కట్టని ప్రీమియం తేదీ నుంచి అయిదేళ్ళలోపు వడ్డీతో పునరుద్ధరించుకునే వీలుంది. కాబట్టి అది ఆ రోజే చచ్చిపోయేదేమీ కాదు, నేను నా ఇంటి డబ్బు తీయాల్సిన పనే లేదు. మొదటి కమీషన్‌లో పార్టీకి వాటా ఇవ్వడం ఇంతకంటే చెడ్డది. అది బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం, పది లక్షల వరకు జరిమానా ఉంది. పైగా రాయితీ కోసం పాలసీ తీసుకున్నవారు రెండో ప్రీమియానికి కూడా రాయితీ అడుగుతారు, మన చేతిలో ఏడున్నర శాతమే ఉంటుంది.

మరి ఎవరు ఆగిపోతారో ముందే తెలుస్తుందా? కొంతవరకు తెలుస్తుంది. నేను ఆగిపోయిన పాలసీల జాబితా ముందు పెట్టుకుని చాలా రోజులు చూశాను. వాటిలో ఎక్కువ భాగం డ్యూ తేదీ నా టార్గెట్‌కు సరిపోయింది గాని పార్టీ జేబుకు సరిపోలేదు. ఐసీఎఫ్‌లో పనిచేసే ఒక ఫిట్టరుకు నేను మేలో పాలసీ చేయించాను. మరుసటి మే నెలాఖరుకు ఆయన ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు ఒక్కసారే మీద పడ్డాయి. ఆయన మోసగాడు కాదు, ప్రీమియానికి డబ్బు లేదు, అంతే. రైల్వే ఉద్యోగులకు దసరాకు ముందు ఉత్పాదకత బోనస్ వస్తుంది. ఆయనకే అక్టోబరు డ్యూతో పాలసీ ఇచ్చి ఉంటే నిలిచేది. అప్పటినుంచి నా డైరీలో ప్రతి పార్టీ పేరు పక్కన ‘డబ్బు వచ్చే నెల’ అని ఒక గడి గీస్తున్నాను. షావుకారుపేటలో బట్టల కొట్టున్నాయనకు దీపావళి తర్వాత, ప్రైవేటు కంపెనీలో ఉన్నవారికి బోనసో ఇంక్రిమెంట్ బకాయో వచ్చే నెలలో, ఊళ్ళో పొలమున్నవారికి పంట డబ్బు వచ్చాక. ఈ గడి చూసి పాలసీలు చేయడం మొదలుపెట్టాక నా డ్యూలు ఏడాది పొడుగునా విడివిడిగా పడ్డాయి. పార్టీకి మేలు చేయబోతే నా ఏప్రిల్ బిల్లు కూడా నిండడం మొదలైంది, ఇది నేను ముందుగా అనుకున్నది కాదు.

నెలవారీ ప్రీమియం పద్ధతి మరో దారి. జనవరి, మార్చి మధ్య చేసిన పదమూడింటిలో అయిదు నెలవారీవైతే, ఒక్కో ప్రీమియం 1,700 అనుకుంటే పాలసీకి నెలకు 425, అయిదింటికి 2,125 చొప్పున పన్నెండు నెలలు వస్తాయి. ఏప్రిల్‌లో, జూలైలో కూడా వస్తాయి. కానీ మొదటి ఏడాది కమీషన్ కూడా వాయిదాల్లోనే వస్తుంది కాబట్టి, ఏడో నెలలో పార్టీ ఆపేస్తే మీ ‘పెద్ద’ కమీషన్ కూడా అక్కడే ఆగుతుంది. నెలవారీ పాలసీకి గ్రేస్ పదిహేను రోజులే. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కోత పడే ఏర్పాటున్నా, ఉద్యోగం మారి జీతం ఖాతా మారిందంటే ఆ కోత ఆగిపోతుంది, మనకు తెలిసేసరికి రెండు వాయిదాలు దాటిపోతాయి. పైగా చాలా పథకాల్లో ఏడాదికోసారి కట్టేవారికి ప్రీమియంలో కొంత తగ్గింపు ఉంటుంది, నెలవారీ వారికి ఉండదు. మన ఏప్రిల్ కోసం పార్టీతో ఎక్కువ కట్టించడం నాకు సబబుగా తోచదు. ఒకేసారి 20,000 తీయలేనివారికి మాత్రమే ఆ పద్ధతి చెబుతాను.

ఇక ఇంట్లో ఖర్చు పెట్టే పద్ధతి. నేను ఏడాది సగటు చూడను, బీద తొమ్మిది నెలల సగటు చూస్తాను. పై లెక్కలో అది 55,000 భాగించు తొమ్మిది, అంటే నెలకు 6,000 పైచిలుకు. కమీషన్ పడే ఖాతా వేరు, ఇల్లు గడిచే ఖాతా వేరు. మొదటిదాన్నుంచి రెండోదానికి ప్రతి నెలా ఒకటో తేదీన అదే 6,000 వెళ్తుంది, మార్చి అయినా సరే. అలా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 65,000లో 18,000 పోను 47,000 మిగులుతుంది. అందులో పెట్రోలు, ఫోను ఖర్చులు, పన్ను తీసేసినా మరుసటి ఏప్రిల్, జూలై గడుస్తాయి. ఈ పద్ధతి మొదటి ఏప్రిల్‌కు మాత్రం పనికిరాదు, ఎందుకంటే అప్పటికి ముందటి మార్చి లేదు. అందుకే ఉన్న ఉద్యోగం మానేసి వస్తానన్నవారికి ఏప్రిల్‌లో రాకండి, అక్టోబరులో రండి, ఈలోగా ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోండి అని చెబుతాను.

పన్ను గురించి ఒక్క మాట. ఏడాది కమీషన్ 20,000 దాటితే కంపెనీ మూలంలోనే పన్ను కోసి ఇస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ కోత 2 శాతం, పాన్ ఇవ్వకపోతే ఇంకా చాలా ఎక్కువ. ఆదాయం పన్ను పరిమితిలోపే ఉన్నవారు రిటర్ను వేస్తేనే కోసింది తిరిగొస్తుంది. బ్యాంకులో అప్పుకు వెళ్ళినప్పుడు కూడా ఆ రిటర్నులే అడుగుతారు. నేను ఇంటి అప్పుకు వెళ్ళినప్పుడు మేనేజరుగారు మూడేళ్ళ రిటర్నులతోపాటు కమీషన్ బిల్లులు కూడా అడిగి, కొత్త వ్యాపారం అంకె మీద గీత కొట్టేసి, రెన్యువల్ అంకె చుట్టూ సున్నా చుట్టారు. ‘ఇది మీరు మంచం మీద ఉన్నా వస్తుందా?’ అని అడిగారు. పార్టీలు కట్టినంతకాలం వస్తుందన్నాను. ‘అయితే ఏ నెలలో ఎంత వస్తుందో రాసివ్వండి’ అన్నారు. నా దగ్గర ఆ డైరీ ఉంది కాబట్టి అక్కడే కూర్చుని రాసిచ్చాను.