పాయింట్ తెలిసినా జీడీలో గొంతు ఎందుకు పెగలదు?

[స్క్రీన్ మీద: గుండ్రంగా పది కుర్చీలు. తొమ్మిది మంది మాట్లాడుతున్నారు, ఒక అమ్మాయి పెన్ను తిప్పుతూ వింటోంది.]

ఈ అమ్మాయిని లావణ్య అనుకుందాం. ఈసీఈ ఫైనల్ ఇయర్, పదో తరగతి దాకా తెలుగు మీడియం, మార్కులు బాగానే ఉన్నాయి. కాలేజీలో మాక్ జీడీ, అంటే గ్రూప్ డిస్కషన్‌కు ప్రాక్టీస్ జరుగుతోంది, పది మందికి కలిపి పదిహేను నిమిషాలు. టాపిక్ ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం. తెలంగాణలో ఇది 2023 డిసెంబర్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది కాబట్టి అందరికీ ఏదో ఒకటి తెలుసు, కానీ లావణ్యకు మిగతావాళ్ళకంటే ఎక్కువ తెలుసు, ఎందుకంటే వాళ్ళమ్మ రోజూ పల్లెవెలుగులోనే పనికి వెళ్తుంది, బాబాయి ఆటో నడుపుతాడు. ఇంట్లో ఈ విషయం మీద రెండు వైపులా మాటలు విన్న మనిషి. అయినా పదిహేను నిమిషాల్లో ఒక్క మాట కూడా బయటికి రాలేదు.

ఆమెను అడిగితే "ఇంగ్లీష్ రాదు సార్" అంటుంది. నేను ఒప్పుకోను. ఆ పదిహేను నిమిషాలూ ఆమె తలలో ఏం జరిగిందో చూద్దాం.

ఎవరో ఆటోవాళ్ళ గురించి ఎత్తారు. లావణ్యకు వెంటనే పాయింట్ తట్టింది. దాన్ని తలలో ఇంగ్లీష్ వాక్యంగా పేర్చడం మొదలుపెట్టింది. ఆటో డ్రైవర్స్ ఇన్‌కమ్... డిక్రీజ్డ్ అనాలా, హ్యాజ్ డిక్రీజ్డ్ అనాలా? సరిచూసుకుంది, ఇంకోసారి మొదటి నుంచి చెప్పుకుంది, ఇప్పుడు ఓకే అనుకుని తల ఎత్తేసరికి చర్చ ఆర్టీసీ నష్టాల మీదికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆటోల గురించి మాట్లాడితే ఎబ్బెట్టుగా ఉంటుందని ఆగింది. తర్వాతి పాయింట్‌కీ ఇదే జరిగింది.

[స్క్రీన్ మీద: 200 మిల్లీసెకన్లు]

పరిశోధకులు 2009లో పది భాషల్లో మామూలు సంభాషణలు తీసుకుని, ఒకరి ప్రశ్న ముగిశాక అవతలివాళ్ళ జవాబు మొదలవడానికి ఎంత ఖాళీ ఉంటుందో కొలిచారు. సగటున దాదాపు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. మరి ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనిషికి దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎవరూ అవతలివాళ్ళు ఆగాక ఆలోచించడం మొదలుపెట్టట్లేదు, వాళ్ళు మాట్లాడుతుండగానే తమ మాట మొదలు సిద్ధం చేసుకుంటున్నారు. గమనించండి, మొదలు మాత్రమే. మిగతా వాక్యం నోటి నుంచి వస్తూ వస్తూ తయారవుతుంది. లావణ్య మాత్రం వాక్యం మొత్తం తప్పుల్లేకుండా తయారయ్యాకే నోరు తెరవాలని పెట్టుకుంది. ఆ పద్ధతిలో ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళకు కూడా జీడీలో సందు దొరకదు.

కాబట్టి మొదట మార్చాల్సింది ఇది. టాపిక్ ఇచ్చాక ఆలోచించుకోవడానికి ఇచ్చే ఆ ఒకటి రెండు నిమిషాల్లో కాగితం మీద వాక్యాలు రాయొద్దు, మాటలు రాయండి. లావణ్య కాగితం మీద ఉండాల్సింది "ఆటో ఈఎంఐ, బస్సులు చాలట్లేదు, అమ్మ ఛార్జీ డబ్బులు" అంతే. దాని పక్కన చర్చలోకి దూరడానికి ఒక ముక్క ఉండాలి, రోజూ వాడగా వాడగా నాలుకకు అలవాటైపోయినది. "ఐ వాంట్ టు యాడ్ వన్ పాయింట్ హియర్." ఇందులో ఆలోచించాల్సిన గ్రామర్ లేదు. మాట్లాడేవాళ్ళ గొంతు కిందికి దిగుతున్నప్పుడు, వాళ్ళ చూపు కాగితం నుంచి గ్రూప్ వైపు తిరిగినప్పుడు ఈ ముక్క అనేయాలి, తర్వాతి వాక్యం పూర్తిగా తలలో లేకపోయినా సరే. ఆ ముక్క అన్నంతసేపు మీకు ఒకటిన్నర సెకను దొరుకుతుంది, అందరూ మీవైపు తిరుగుతారు, అవకాశం మీదవుతుంది. ఇక "ఆటో డ్రైవర్స్ ఆర్ పేయింగ్ ఈఎంఐ, బట్ ప్యాసింజర్స్ ఈజ్ లెస్ నౌ" అని వచ్చిందనుకోండి. ఈజ్ తప్పే. కానీ పాయింట్ అందరికీ అర్థమైంది, పక్కవాళ్ళు దాని మీద మాట్లాడటం మొదలుపెడతారు. తప్పు అప్పుడే గుర్తొస్తే "ఆర్ లెస్" అని సర్దుకుని ముందుకు పోవచ్చు, సారీ అక్కర్లేదు. తెలుగులో మాట్లాడేటప్పుడు కూడా మనం రోజంతా ఇలా సర్దుకుంటూనే ఉంటాం, ఎవరూ పట్టించుకోరు.

[స్క్రీన్ మీద: రెండు గళ్ళ కాగితం. ఎడమవైపు "ఏమవుతుందనుకున్నాను", కుడివైపు "ఏం జరిగింది"]

ఇంత తెలిసినా భయం పోదు, ఎందుకంటే దానికి వేరే ఆధారం ఉంది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1995లో దీన్ని వివరించారు. నలుగురిలో భయపడే మనిషి దృష్టి ఎదుటివాళ్ళ మీద ఉండదు, తన మీదే ఉంటుంది. గుండె దడ, వణికే గొంతు, వేడెక్కిన చెవులు, వీటిని బట్టే "నేను ఎంత ఘోరంగా కనిపిస్తున్నానో" అని లోపల ఒక బొమ్మ గీసుకుంటాడు, అదే అందరికీ కనిపిస్తోందని నమ్ముతాడు. ఎదుటివాళ్ళ ముఖాల్లో ఏముందో మాత్రం చూడడు.

అందుకే జీడీకి ముందు ఎడమ గడిలో స్పష్టంగా రాయండి. "భయంగా ఉంది" అని కాదు, కంటితో చూసి తేల్చగలిగేది రాయాలి. లావణ్య ఇలా రాసింది: "నేను తప్పు మాట్లాడితే కనీసం ఇద్దరు నవ్వుతారు, నా పాయింట్ మీద ఎవరూ మాట్లాడరు." మాట్లాడేటప్పుడు ఆమె పని ఒక్కటే, ఎదురుగా ఉన్న ఇద్దరి ముఖాలు చూడటం. అయ్యాక కుడి గడి నింపాలి, అదీ వెంటనే. రాత్రి దాకా ఆగితే మనసు అదే సీన్‌ను తిప్పి తిప్పి చెడగొట్టేస్తుంది. లావణ్య కుడి గడిలో వచ్చింది ఇది: "ఎవరూ నవ్వలేదు, ఒకరు ఫోన్ చూశారు, ఒకబ్బాయి నా ఈఎంఐ పాయింట్ పట్టుకుని మాట్లాడాడు."

ఇక్కడ చాలామంది ఒకచోట దెబ్బతింటారు. నాలుగు వాక్యాలు బట్టీ పట్టుకుని వెళ్ళి గబగబా అప్పజెప్పేస్తారు. మాట్లాడారు కదా, మంచిదే కదా అనిపిస్తుంది. కానీ లోపల మిగిలేది "బట్టీ పట్టాను కాబట్టి బతికిపోయాను" అన్న నమ్మకం, దాంతో భయం అలాగే ఉంటుంది, పైగా తెలియని టాపిక్ వస్తే ఇంకా పెరుగుతుంది. కిందికి చూస్తూ మాట్లాడటం, ఎప్పుడూ "ఐ అగ్రీ" అని ఆపేయడం కూడా ఇలాంటివే. జీడీ అయ్యాక మీరు ఎదుటివాళ్ళు ఏమన్నారో చెప్పలేకపోతున్నారంటే, దృష్టి ఇంకా మీ మీదే ఉందని గుర్తు.

మొదలుపెట్టేది మాత్రం పది మందితో వద్దు. ముగ్గురు ఫ్రెండ్స్‌తో హాస్టల్ గదిలో, తర్వాత ఐదుగురు, తర్వాత పరిచయం లేని బ్రాంచ్ వాళ్ళతో. ఎడమ గడిలో రాసింది జరగడం ఆగాకే మెట్టు ఎక్కండి.

ఒక్కోసారి నిజంగానే నవ్వుతారు. అది జరగదని నేను చెప్పను. అప్పుడు కూడా కుడి గడిలో ఉన్నదున్నట్టు రాయండి: ఎంతమంది, ఎంతసేపు, తర్వాత చర్చ ఎటు పోయింది. నవ్విన ఒక్కరిని "అందరూ" అని రాయకండి. అలాగే అందరూ ఒకేసారి అరుస్తూ జీడీ ఫిష్ మార్కెట్ అయిపోతే, మీకు సందు దొరకకపోవడం ఆ గ్రూప్ సమస్య, దాన్ని మీ కాగితం మీద మీ ఖాతాలో వేసుకోవద్దు.

గ్రూప్ చిన్నదైనా ఊపిరి ఆడనట్టు కావడం, దీనివల్లే క్లాసులు ఎగ్గొట్టడం, ముందు రోజు రాత్రులు నిద్ర పట్టకపోవడం ఉంటే ఈ కాగితం పద్ధతి ఒక్కటే చాలదు. కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి, లేదా ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.