మాత్రకూ కాఫీకీ మధ్య గంట

శ్రోతలకు నమస్కారం. మొన్న గాజువాక నుంచి ఒకావిడ వచ్చారు. నలభై రెండేళ్లు ఉంటాయి. రెండేళ్లలో 68 కిలోల నుంచి 76కి పెరిగారు. "ఏడాదిగా థైరాయిడ్ మాత్ర మింగుతున్నాను, గ్రాము కూడా తగ్గలేదండీ. డోసు పెంచండి" అన్నారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోను తక్కువైతే పెరిగే అంకె, 18 ఉంది. అంటే మాత్ర కడుపులోకి వెళ్తోంది గానీ ఒంటికి సరిగా అందడం లేదు.

రోజు ఎలా మొదలవుతుందో చెప్పమన్నాను. అయిదింటికి మాత్ర, పది నిమిషాలకి ఫిల్టర్ కాఫీ, ఏడున్నరకి ఇడ్లీ, దాంతోపాటే కాల్షియం బిళ్ళ. తప్పు అక్కడే దొరికింది. కాఫీ ఈ మందును పూర్తిగా ఒంటబట్టనివ్వదు. కాల్షియం, ఐరన్ బిళ్ళలైతే పేగులోనే దాన్ని పట్టేసుకుంటాయి. అందుకే డోసు పెంచలేదు, వేళలు మార్చాను. పరగడుపున మంచినీళ్లతో మాత్ర, గంట ఆగి కాఫీ, కాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత. మాత్రకీ కాల్షియానికీ మధ్య నాలుగు గంటలైనా ఉండాలి. పొద్దున్న గంట ఆగడం కుదరనివాళ్లు డాక్టరుని అడిగి, రాత్రి తిన్న మూడు నాలుగు గంటల తర్వాత వేసుకోవచ్చు.

ఈ మందు ప్రభావం మెల్లగా తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు గడవకుండా మళ్లీ పరీక్ష చేయిస్తే డబ్బు దండగ. ఆవిడకి రెండు నెలల తర్వాత టీఎస్‌హెచ్ 3కి దిగింది, బరువు మూడు కిలోలు తగ్గింది. ముఖం వాపు కూడా పోయింది. "మరి మిగతా అయిదు కిలోలో?" అన్నారు.

అవి థైరాయిడ్‌వి కావమ్మా అన్నాను. థైరాయిడ్ హార్మోను తగ్గడం వల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి నాలుగున్నర కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన నీరూ ఉప్పూ. మాత్ర తీసేది దాన్నే. మిగిలిన కొవ్వు తిండి తగ్గిస్తేనే కరుగుతుంది, అదీ నెలకి ఒకటి రెండు కిలోల చొప్పున. ఆవిడ రోజూ సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తారు, నడక అయ్యాక ముంత మసాలా తింటారు. నాకూ అదంటే ఇష్టమే, కాబట్టి గట్టిగా తిట్టలేకపోయాను.

త్వరగా సన్నబడాలని మాత్ర సొంతంగా పెంచుకోవద్దు. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కాలక్రమంలో ఎముకలు గుల్లబారతాయి. దడ వస్తే ఆ వారమే డాక్టరుని కలవండి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నెల తప్పితే మాత్ర ఆపకుండా ఆ రోజే ఫోన్ చేయండి, సాధారణంగా డోసు పెంచాల్సి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు మాత్ర మానేసి, ఒళ్లు చల్లబడి, మాట తడబడుతూ, లేపినా మగతగా ఉంటే తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.