కార్డు మీద ఒక్కడే, హోటల్లో అప్పలరాజులు ముగ్గురు

"అన్నా, వైజాగ్ బీచ్ రోడ్డులో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీస్‌లో చేరి మూడు నెలలైంది. గిరి ప్రదక్షిణకి వచ్చిన గెస్ట్ ఒకాయన కామెంట్ కార్డు మీద అప్పలరాజు, లక్ష్మి అని ఇద్దరి పేర్లు రాసి తెగ మెచ్చుకున్నారు. జవాబు రాసి, లోపల చెప్పాల్సిన వాళ్లకి చెప్పమని మేనేజర్ గారు నాకిచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

అందరికీ నమస్తే. ఈ తమ్ముడు కార్డులో ఏముందో కూడా పంపాడు. పేర్లు మార్చి చదువుతున్నాను. "రాత్రంతా నడిచి తెల్లవారుజామున నాలుగింటికి వచ్చాం. మా అమ్మ కాళ్లు వాచిపోయాయి. అడక్కుండానే అప్పలరాజు బకెట్‌లో వేడినీళ్లు, గుప్పెడు కల్లుప్పు తెచ్చిపెట్టాడు. లక్ష్మి గారు మధ్యాహ్నం దాకా తలుపు కొట్టకుండా మమ్మల్ని పడుకోనిచ్చారు. సాయంత్రం బాత్రూంలో నీళ్లు మాత్రం సన్నగా వచ్చాయి." అంతే. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా నడిచొచ్చిన వాళ్లకి ఆ బకెట్ విలువేంటో మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు.

తమ్ముడూ, ఇప్పుడే ఉత్తరం మొదలుపెట్టకు. ముందు ఆ అప్పలరాజు ఎవరో తేల్చు. సింహాద్రి అప్పన్న ఊరిది. ఏ హోటల్ క్యాంటీన్‌లోనైనా "అప్పలరాజూ" అని పిలిచి చూడు, కనీసం ఇద్దరు తిరిగి చూస్తారు. మీ దగ్గర ముగ్గురున్నారని నువ్వే రాశావు. బెల్ డెస్క్‌లో ఒకడు, రూమ్ సర్వీస్‌లో ఒకడు, సెక్యూరిటీలో ఒకడు.

నేను పనిచేసిన ఒక హోటల్లో ఇదే జరిగింది. కార్డు రాగానే పొద్దున బ్రీఫింగ్‌లో చదివేశాం, అందరం చప్పట్లు కొట్టాం. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు తల దించుకున్నాడు. సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకున్నాం. అసలు మనిషి నైట్ డ్యూటీ దిగి ఇంట్లో నిద్రపోతున్నాడు. సాయంత్రం డ్యూటీకొచ్చాక వాళ్లూ వీళ్లూ చెబితే విన్నాడు. ఇద్దరూ చాలా రోజులు మాట్లాడుకోలేదు. ఆ తప్పులో నాకూ భాగముంది.

అందుకే కార్డు మీద రూమ్ నంబరు, తేదీ చూడు. నాలుగింటికి అంటే నైట్ షిఫ్ట్. ఆ రాత్రి డ్యూటీ చార్ట్ తీస్తే ముగ్గురిలో ఎవరున్నారో తెలుస్తుంది. ఇద్దరుంటే నైట్ మేనేజర్ లాగ్ బుక్ చూడు, అందులోనూ లేకపోతే ఆయన్నే అడుగు. అందరి ముందూ "నువ్వేనా తెచ్చింది?" అని మాత్రం ఎవర్నీ అడగొద్దు. కాదని చెప్పడం కూడా ఒక్కోసారి కష్టమే.

అక్కడే ఇంకో ప్రశ్న వేసుకో. ఆ టైంలో నీళ్లు కాచిందెవరు, ఉప్పిచ్చిందెవరు? గెస్ట్‌కి కనబడింది బకెట్ పట్టుకొచ్చిన మనిషే. వెనక కిచెన్‌లో నైట్ కుక్ ఒకాయన ఉండే ఉంటాడు. ఆయన పేరు కార్డులో రాదు, ఎందుకంటే ఆయన్ని గెస్ట్ చూడలేదు.

ఇక ఉత్తరం. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు. మా టీమ్ అంతా మీ సేవకు కట్టుబడి ఉంది." గెస్ట్ పనిగట్టుకుని రెండు పేర్లు రాస్తే మనం ఆ రెండూ చెరిపేసి "టీమ్" అని పెట్టాం. అది చదివితే ఆయనకి, ఈ కార్డు ఎవరూ చూడలేదు అనిపిస్తుంది. నేనైతే ఇలా రాస్తాను. కార్డు తెలుగులో ఉంది కాబట్టి జవాబూ తెలుగులోనే:

"నమస్కారం సార్. గిరి ప్రదక్షిణ అయ్యాక అమ్మగారి కాళ్ల వాపు తగ్గిందని తలుస్తాం. మీరు రాసింది అప్పలరాజుకి, లక్ష్మికి చదివి వినిపించాం. ఆ రాత్రి నీళ్లు కాచి ఇచ్చిన మా వంటాయనకి కూడా చెప్పాం. బాత్రూంలో నీళ్లు సన్నగా వచ్చిన మాట నిజమే, షవర్ జల్లెడలో ఉప్పు పేరుకుంది. శుభ్రం చేయించాం. తీరిక చేసుకుని కార్డు రాసినందుకు కృతజ్ఞతలు."

వంటాయన గురించి ఒక్క వాక్యమే పెట్టానని గమనించావా? అంతకంటే పెంచితే "మీరు పొరపాటు పడ్డారు, అసలు పని చేసింది వేరేవాళ్లు" అని గెస్ట్‌ని సరిదిద్దినట్టుంటుంది, అప్పలరాజుకి వచ్చింది కూడా సగం పోతుంది. షవర్ మాట నేను ఊహించి రాశాను. నువ్వు మెయింటెనెన్స్ వాళ్లని గదికి పంపించి, వాళ్లు ఏం చెబితే అది రాయి. పొగడ్త మధ్యలో దాక్కున్న ఫిర్యాదుని వదిలేశామంటే మనకి తీపి మాటలే వినబడతాయని ఆయనకి తెలిసిపోతుంది.

"వినిపించాం" అని రాశామంటే నిజంగా వినిపించి ఉండాలి. ముందు వాళ్లకి చెప్పి, తర్వాత ఉత్తరం పంపు. మొత్తం ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. ఇదే ఉత్తరంలో డిస్కౌంట్ కూపన్ పెట్టడం, నెట్‌లో అయిదు స్టార్లు ఇవ్వమనడం నాకు నచ్చవు, అవి వేరే బేరం. కుర్రాడికి ఫోన్ చేసి థాంక్స్ చెబుతామని గెస్ట్ అడిగినా సరే, నంబరు అతన్ని అడక్కుండా ఇవ్వకూడదు.

లోపల చెప్పడం దగ్గరికి వద్దాం. అప్పలరాజుకి పొద్దుటి బ్రీఫింగ్‌లో కాదు, రాత్రి అతను డ్యూటీ ఎక్కేటప్పుడు జరిగే బ్రీఫింగ్‌లో చదవండి. కుక్ కూడా అప్పుడే దొరుకుతాడు. కార్డులో ఉన్న మాటలే చదవండి, "మంచి సర్వీస్ ఇచ్చాడు" అని కుదించొద్దు. ఆ బకెట్, ఆ కల్లుప్పు వినబడితేనే పక్కనున్న కొత్త కుర్రాడికి అడక్కుండా చేయడమంటే ఏంటో తెలుస్తుంది.

లక్ష్మి సంగతి ఇంకొంచెం చిక్కు. అప్పలరాజు ఏదో తెచ్చాడు, చూపించొచ్చు. ఆవిడ చేసింది తలుపు కొట్టకపోవడం. అది హోటల్ కాగితాల మీద పనిలా కనబడదు, సరిగ్గా చెప్పాలంటే తప్పులా కనబడుతుంది. తన వంతు గదులన్నీ చేసుకుని, ఆ ఒక్కటీ ఆఖరికి ఉంచి, షిఫ్ట్ దిగే ముందు మళ్లీ పైకి వెళ్లింది. సూపర్‌వైజర్ రూమ్ షీట్‌లో ఆ గది లేటుగా క్లియర్ అయినట్టే ఉంటుంది. నెలాఖరున ఆ షీట్లు చూసేవాళ్లకి కార్డు సంగతి ఎలా తెలుస్తుంది?

పైగా హౌస్‌కీపింగ్‌లో చాలామంది హోటల్ రోల్స్‌లో ఉండరు, కాంట్రాక్టర్ మనుషులు. లక్ష్మి కూడా అలాగే అయితే, మీ హెచ్‌ఆర్ ఫైల్లో కార్డు కాపీ పెడదామంటే ఆవిడ పేరు మీద అసలు ఫైలే ఉండదు. కాబట్టి ఒక కాపీ కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌కి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. ఇంకో కాపీ లక్ష్మి చేతికే ఇవ్వు, ఇంట్లో చూపించుకుంటుంది. చదువు రాకపోతే ముందు నువ్వే చదివి వినిపించు. ఆ తర్వాత ఆ రోజు రూమ్ షీట్ తీయించి, "లేట్" అని ఉన్న చోట పక్కనే "గెస్ట్ నిద్రపోతున్నందువల్ల, కార్డు చూడండి" అని సూపర్‌వైజర్ చేతే రాయించు.