ఎస్‌ఓపీలో మధ్య పేరాలు: ఒక నల్గొండ డ్రాఫ్ట్‌ రివ్యూ

నమస్తే అండి. ఇవాళ రివ్యూకి తీసుకున్న ఎస్‌ఓపీ, అంటే యూనివర్సిటీ అప్లికేషన్‌తో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, మునుగోడు వైపు ఒక చెల్లె పంపింది. బీటెక్ సివిల్ అయిపోయింది, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్‌కి అప్లై చేస్తోంది. పేరు, కాలేజీ తీసేసి చూపిస్తున్నాను. వీడియోలో చూపించమని తనే అన్నది. మొదటి పేరా, చివరి పేరా ఇవాళ ముట్టుకోను. మధ్యలో ఉన్న మూడు పేరాలే చూద్దాం. డ్రాఫ్ట్ ఇంగ్లీషులో ఉంది కానీ మనం మాట్లాడుకునేందుకు తెలుగులోనే చదువుతాను.

రెండో పేరా వినండి. "నాలుగో సంవత్సరంలో మా జిల్లా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేశాను. నల్గొండ టెక్నిక్ వాడి ఫ్లోరైడ్‌ను విజయవంతంగా తగ్గించాం. దీనివల్ల నాకు టీమ్‌వర్క్, పరిశోధనా నైపుణ్యం, సమస్యలను పరిష్కరించే నేర్పు అలవడ్డాయి. ప్రపంచ నీటి సంక్షోభాన్ని తీర్చడంలో నా వంతు కృషి చేయడమే నా లక్ష్యం."

పైకి చూస్తే అన్నీ ఉన్నాయి కదా. అనుభవం ఉంది, నేర్చుకున్నది ఉంది, లక్ష్యం ఉంది. అయినా ఈ పేరా నిలబడదు. ఎందుకో తెలియాలంటే చిన్న పని చేయండి. మూడో వాక్యాన్ని, అదే టీమ్‌వర్క్ వాక్యాన్ని తీసుకెళ్లి కాలేజీ ఫెస్ట్ గురించి రాసిన పేరాలో పెట్టండి. హాయిగా ఇమిడిపోతుంది. కబడ్డీ టోర్నమెంట్ గురించి రాసినా ఇమిడిపోతుంది. అంటే ఆ నైపుణ్యం ఈ ప్రాజెక్టులోంచి వచ్చింది కాదు, బయటి నుంచి తెచ్చి అతికించింది. ఇక లక్ష్యం సంగతి. దాని మీద చెయ్యి అడ్డం పెట్టి పై మూడు వాక్యాలు మాత్రమే చదవండి. తర్వాత ఏం వస్తుందో ఎవరైనా ఊహించగలరా? ఫ్లోరైడ్ నుంచి ఒక్క గంతులో ప్రపంచ సంక్షోభానికి పోయింది. అడ్మిషన్ కమిటీలో కూర్చున్న ప్రొఫెసర్ ఇలాంటి ముగింపులు రోజూ చూస్తాడు, అక్కడ కన్ను కూడా ఆగదు.

వాక్యాలు దిద్దడానికి ముందు ఆ చెల్లెకు ఫోన్ చేశాను. ఏం నేర్చుకున్నావని అడగలేదు. అలా అడిగితే మళ్లీ టీమ్‌వర్కే వస్తుంది. ఆ ప్రాజెక్టులో నిన్ను బాగా సతాయించింది ఏంది అని అడిగాను.

"రీడింగులు కలవలేదక్కా" అన్నది. "మా ల్యాబ్‌లో చూస్తే పాయింట్ ఆరు వచ్చింది. అందరం ఖుషీ అయినం. అవే శాంపిళ్లు ఇంకో ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో చూపిస్తే ఒకటి పాయింట్ ఆరు వచ్చింది."

"మరి ఇది డ్రాఫ్ట్‌లో ఎందుకు రాయలే?"

"ఫెయిల్ అయినట్టు ఉంటదని తీసేసిన అక్కా."

నన్నడిగితే ఆమె తీసేసిన ఆ ముక్కే ఈ ఎస్‌ఓపీకి ప్రాణం. సంగతేమిటో తెలియని వాళ్ల కోసం కాస్త చెప్తాను. నల్గొండ టెక్నిక్ అంటే నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసి, మన జిల్లా పేరు పెట్టిన పద్ధతి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. పటికలోని అల్యూమినియం తెట్టులా గడ్డకట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైనున్న తేటను వడకడతారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం చెప్తుంది.

చిక్కు ఎక్కడంటే, కొంత అల్యూమినియం అడుక్కు దిగకుండా నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది, ఫ్లోరైడ్‌ను కూడా పట్టుకుని ఉంటుంది. కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా చేసే స్పాండ్స్ పరీక్షలో ఒక రంగు ద్రావణం పోస్తారు, ఫ్లోరైడ్ ఎంత ఉంటే రంగు అంత వెలిసిపోతుంది. అల్యూమినియం పట్టుకుని ఉన్న ఫ్లోరైడ్ ఆ రంగు జోలికి పోదు, కాబట్టి రీడింగ్ అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఎలక్ట్రోడ్ పద్ధతిలో ముందు టిసాబ్ అనే బఫర్ కలుపుతారు. అది అల్యూమినియాన్ని తను పట్టుకుని ఫ్లోరైడ్‌ను వదిలిపెడుతుంది. అప్పుడు అసలు లెక్క బయటపడుతుంది. పాయింట్ ఆరు అంటే నిశ్చింతగా తాగొచ్చు. ఒకటి పాయింట్ ఆరు అంటే హద్దు దాటింది. గ్లాసులో నీళ్లు మాత్రం అవే.

ఇప్పుడు లక్ష్యం ఎక్కడి నుంచి రావాలో మీకే కనిపిస్తోంది కదా. నేను చెప్పదలచుకున్నది ఇదే. అనుభవం, నైపుణ్యం, లక్ష్యం అని మూడు డబ్బాలు గీసి నింపితే అవి ఒకదానికొకటి అంటుకోవు. నేర్చుకున్న పని ఎక్కడి దాకా తీసుకెళ్లి ఆగిపోయిందో ఆ చోటు చెప్పాలి. లక్ష్యం అక్కడి నుంచే మొదలవుతుంది. ఎలక్ట్రోడ్ వాడటం వచ్చింది, తప్పు ఎక్కడుందో దొరికింది. కానీ ఆ ఎలక్ట్రోడ్ ఊళ్లో ఉండదు, పంచాయతీ వాటర్‌మన్ దగ్గర అసలే ఉండదు. మరి పటిక వేసిన నీళ్లను ఊళ్లోనే సరిగ్గా కొలవడం ఎలా? ఆ ప్రశ్నకు జవాబు తన దగ్గర లేదు. దాని కోసమే ఎంఎస్‌కి పోతోంది.

ఇద్దరం కూర్చుని తిరగరాసింది ఇదిగో. "మా జిల్లా బోరు నీళ్లను నల్గొండ టెక్నిక్‌తో శుద్ధి చేశాక మా ల్యాబ్‌లో ఫ్లోరైడ్ 0.6 వచ్చింది. అవే శాంపిళ్లు ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే 1.6 వచ్చింది. తేడా ఎక్కడుందో వెతుకుతూ ఒక్కొక్క కారణాన్ని విడిగా పరీక్షించాను. ఫ్లోరైడ్ ఎంతో ముందే తెలిసిన నీళ్లలో కొలిచి చేసిన పటిక ద్రావణం కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే, స్పాండ్స్ రీడింగ్ వరసగా పడిపోయింది. ఒక అంకెను నమ్మేముందు ఆ పద్ధతికి ఏది అడ్డొస్తుందో చూడటం అక్కడ అలవాటైంది. అయితే ఎలక్ట్రోడ్ ల్యాబ్‌కే పరిమితం. శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం, ఫ్లోరైడ్ ఏ రూపంలో మిగులుతాయో చదివి, గ్రామ స్థాయిలో వాడగలిగే పరీక్షను రూపొందించాలనుకుంటున్నాను."

నైపుణ్యం అనే మాట ఇందులో ఎక్కడా లేదు, గమనించండి. పటిక కొంచెం కొంచెంగా కలిపి చూసింది అన్న వాక్యమే ఆ పని చేసేసింది. చదివేవాడికి ఈ అమ్మాయికి ప్రయోగం ఎలా చెయ్యాలో తెలుసు అని తనకు తానే అనిపిస్తుంది. ఇందాకటి పరీక్ష మళ్లీ పెట్టండి. ఈ వాక్యాన్ని కాలేజీ ఫెస్ట్ పేరాలో పెట్టగలరా? పెట్టలేరు. చివరి వాక్యం మూసి చదివితే లక్ష్యం ఊహకు అందుతుందా? దాదాపు అందుతుంది. "అయితే ఎలక్ట్రోడ్ ల్యాబ్‌కే పరిమితం" అన్న చిన్న వాక్యం తీసేసి చూడండి, పేరా రెండు ముక్కలైపోతుంది.

ఒక హెచ్చరిక. పటిక కలిపి చూడటం ఆ చెల్లె నిజంగా చేసింది, రికార్డు బుక్కులో ఉంది. చెయ్యకపోతే రాయనిచ్చేదాన్ని కాదు. ఇంటర్వ్యూలో ఎంత పటిక కలిపావని అడిగితే నోరు పెగలదు.

మూడో పేరాకి వద్దాం. ఒక ఊళ్లో మూతపడ్డ ఫ్లోరైడ్ శుద్ధి యూనిట్ చూడటానికి పోయింది. డ్రాఫ్ట్‌లో ఏం రాసిందంటే, "ప్రజల్లో అవగాహన లేకపోవడం వల్ల యూనిట్ మూతపడింది. నాకు కమ్యూనికేషన్ స్కిల్స్ పెరిగాయి." ఇక్కడ నాకు కోపమే వచ్చింది. అవగాహన లేదని ఎవరు చెప్పారు? ఫ్లోరైడ్ అంటే ఏమిటో మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లకు ఒకరు నేర్పాలా? వంకర పోయిన కాళ్లు, గార పట్టిన పళ్లు ఇంటింటా చూసిన వాళ్లు వాళ్లు.

మళ్లీ అడిగాను, అక్కడ ఎవరితో మాట్లాడినవ్ అని. యూనిట్ నడిపిన పెద్దాయనతో అట. పాత లాగ్‌బుక్ కూడా చూపించాడట. ప్రతి పేజీలో పటిక కొలత ఒక్కటే. ఎండాకాలమైనా అంతే, వానాకాలమైనా అంతే. నిజానికి పటిక ఎంత వెయ్యాలన్నది నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారత ఎంతుంది అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. బోరు నీళ్లలో అవి కాలాన్ని బట్టి మారుతుంటాయి. ఆయనకు ఆ లెక్క ఎవరూ ఇవ్వలేదు. పైగా అడుగున చేరే బురద రోజూ తీసి ఎక్కడ పొయ్యాలో కూడా చెప్పలేదు. చివరికి నీళ్లు రుచి మారాయని జనం మానేశారు.

చూశారా, ఎంత సరుకు ఉందో. నేర్చుకున్నది కమ్యూనికేషన్ కాదు. లాగ్‌బుక్ చదివి, దాన్ని నడిపిన మనిషి మాటతో పోల్చి, యూనిట్ ఎందుకు ఆగిందో తేల్చడం. ఆగిన చోటు కూడా దొరికింది. కారణం తేలింది కానీ, రెండు కొలతలు చూసి పటిక మోతాదు చెప్పే సులువైన పట్టిక తయారు చేయడం తనకు రాలేదు. లక్ష్యం దాని మీద పెట్టింది.

ఈ పేరాను లక్ష్యంతో ముగించవద్దని మాత్రం చెప్పాను. వరసగా రెండు పేరాలు "అందుకే నేను" అంటూ ముగిస్తే చదివేవాడికి అచ్చు కనపడిపోతుంది. ఇక్కడ లక్ష్యాన్ని మొదటి వాక్యంలోకి తెచ్చాం. "శుద్ధి యూనిట్‌ను నడిపే మనిషిని దృష్టిలో పెట్టుకుని డిజైన్ చేయాలన్న ఆలోచన నాకు ఒక మూతపడ్డ గదిలో వచ్చింది" అని మొదలవుతుంది, పెద్దాయన లాగ్‌బుక్ దగ్గర ముగుస్తుంది. మూడూ ఉండాలి, మూడూ అంటుకుని ఉండాలి. వరస మాత్రం మీ ఇష్టం.

రెండు పేరాల లక్ష్యాలు కూడా ఒకే దారిలో ఉండాలి. ఒకదాంట్లో నీటి పరీక్ష, ఇంకోదాంట్లో మోతాదు పట్టిక. పరీక్ష సరిగ్గా ఉంటేనే పట్టిక పనికొస్తుంది కాబట్టి ఒకటి ఇంకోదానికి తోడైంది. చివరి పేరాలో ఏ కోర్సు, ఏ ల్యాబ్ అని రాసేటప్పుడు ఈ రెండింటినే పట్టుకుంటే చాలు.

నాలుగో పేరా ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు గురించి. మొక్కలు నాటారు, ర్యాలీ తీశారు. మంచి పనే. కానీ తను నేర్చుకున్నది, ఆగిపోయిన చోటు ఎంత అడిగినా దొరకలేదు. పేరా మొత్తం తీసేసి, రెజ్యూమెలో ఒక లైన్‌గా పెట్టమన్నాను. తను అప్లై చేసే ఒక యూనివర్సిటీ వెయ్యి పదాల లోపే ఉండాలన్నది. ఇక్కడ మిగిలిన చోటంతా రెండో పేరాకి ఇచ్చాం.

మీ డ్రాఫ్ట్ పంపాలనుకుంటే మధ్య పేరాలు మాత్రమే పంపండి. ఒక్కో పేరా కింద, ఆ పనిలో మిమ్మల్ని బాగా సతాయించింది ఏమిటో తెలుగులోనే రెండు లైన్లు రాయండి. నేను ముందు అవే చదువుతాను.