గట్టి అట్ట చూసి మోసపోకండి: మూడు బైండింగులు విప్పి చూశాను

నమస్తే అండీ. ముందే చెప్పేస్తాను, టేబుల్ మీద ఉన్న ఈ మూడు డమ్మీలూ, అంటే నమూనా పుస్తకాలు, హైదరాబాద్‌లోని ఒక ప్రెస్ వాళ్లు ఉచితంగా ఇచ్చినవి. అభిప్రాయం మాత్రం నాదే. మూడూ డెమీ 1/8 సైజే, 240 పేజీలే, కాగితం కూడా ఒకటే. ఒకటి పర్ఫెక్ట్ బైండింగ్, అంటే గమ్‌తో అంటించింది, ఒకటి కుట్టు వేసి మెత్తటి అట్ట వేసింది, మూడోది కేస్ బైండింగ్, అంటే గట్టి అట్ట. కాగితం బరువు, లామినేషన్ వివరాల జోలికి వెళ్లను.

పర్ఫెక్ట్ బైండింగ్ అంటే నాకు ఎందుకు కోపమో చెప్పాలి. నాలుగేళ్ల కిందట మా తాతగారి జ్ఞాపకాలను పుస్తకంగా వేయించాను, 300 కాపీలు. మధ్యలో 16 పేజీల ఫొటోలు ఆర్ట్ పేపర్ మీద పెట్టించాను. మే నెలలో ఒక కార్టన్ కారు డిక్కీలో పెట్టుకుని రెండు రోజులు ఎండలో తిరిగాను. ఊళ్లో మా అత్తయ్య చేతికి పుస్తకం ఇస్తే, ఆవిడ తెరవగానే తాతగారి పెళ్లి ఫొటో ఊడి ఒళ్లో పడింది. ఆ రోజు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఎందుకు ఊడిందో తర్వాత అర్థమైంది. ఈ పద్ధతిలో మెషిన్ స్పైన్ వైపు, అంటే పుస్తకం వీపు వైపు, మడతలను రెండు మూడు మిల్లీమీటర్లు కోసేస్తుంది. అక్కడితో ప్రతి కాగితం విడి ఆకు అయిపోతుంది. ఇక దాన్ని పట్టుకునేది అంచున ఉన్న గమ్ ఒక్కటే. మామూలు కాగితం నారకు గమ్ పట్టుకుంటుంది. ఆర్ట్ పేపర్‌కు పైన నున్నటి పూత ఉంటుంది కదా, గమ్ ఆ పూతకు అంటుకుంటుంది కానీ లోపలి నారలోకి దిగదు. అందుకే ముందు ఫొటోలే ఊడాయి. పైగా మామూలు హాట్‌మెల్ట్ గమ్ కరిగించి పూసేదే కాబట్టి ఎండకు మెత్తబడుతుంది. పీయూఆర్ అనే గమ్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగదు. మీది పర్ఫెక్ట్ బైండింగే అయితే ఏ గమ్ వాడుతున్నారో తప్పకుండా అడగండి.

ఇప్పుడు ఈ కుట్టు పుస్తకం చూడండి. 16 పేజీలు వచ్చేలా మడిచిన కాగితం ఒక ఫారం, అంటే 240 పేజీలకు 15 ఫారాలు. ప్రతి ఫారాన్నీ మడత మధ్యలోంచి దారంతో కుట్టి, పక్క ఫారంతో ముడివేస్తారు. కెమెరా దగ్గరగా పెడతాను... 120, 121 పేజీల మధ్య, ఇదిగో, దారం కనిపిస్తోందా? ఎనిమిదో ఫారం నడుమ ఇది. మళ్లీ 136, 137 మధ్య కనిపిస్తుంది. మడత ఉన్నా దారం లేదంటే అది కుట్టు కాదు. స్పైన్‌లో గాట్లు పెట్టి గమ్ దింపే పద్ధతి కూడా ఒకటుంది, పైనుంచి చూస్తే అచ్చం ఇలాగే ఉంటుంది.

దీన్ని తెరిచి టేబుల్ మీద వదిలేస్తే మూసుకోదు. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది అదే. పక్కన పెట్టుకుని రాసుకోవచ్చు, అన్నం తింటూ చదువుకోవచ్చు. లోపం లేదని అనను. దారం వల్ల స్పైన్ దగ్గర కొంచెం ఉబ్బుతుంది. అట్ట మాత్రం గమ్‌తోనే అంటిస్తారు కాబట్టి అది ఊడొచ్చు. కానీ అట్ట పోయినా పేజీలు పోవు.

గట్టి అట్ట దగ్గరే చాలామంది పొరబడతారు. కేస్ అంటే బయటి పెట్టె మాత్రమే. లోపలి పుస్తకానికీ దానికీ ఉన్న బంధమల్లా అట్ట లోపలివైపు అంటించే ఎండ్ పేపర్లు, స్పైన్ మీద అంటించిన పల్చటి గుడ్డ. మూలలు నలగకుండా అట్ట కాపాడుతుంది, నిజమే. లోపల కుట్టు లేకపోతే మాత్రం, అంత గట్టి పెట్టెలోనూ పేజీలు ఊడతాయి.

500 కాపీలకు నాకు ఇచ్చిన కొటేషన్‌లో బైండింగ్ ఖర్చు ఇలా ఉంది: పర్ఫెక్ట్ కాపీకి 14 రూపాయలు, కుట్టు మెత్తటి అట్టకు 32, కుట్టిన కేస్ 85. ఇంకో ప్రెస్ వాళ్లు కేస్ 67కే చేస్తామన్నారు. దారం ఉంటుందా అని అడిగితే, "లోపల గమ్మే సార్, బయటికి తెలియదు" అన్నారు. తగ్గిన ఆ 18 రూపాయలు కుట్టువే! మొత్తం 500 కాపీల మీద కుట్టుకు అదనంగా 9,000 అవుతుంది. దాని మీద గట్టి అట్ట కావాలంటే ఇంకో 26,500. కుట్టు ఖర్చు ఫారాలను బట్టి పెరుగుతుంది కాబట్టి 600 పేజీల పుస్తకానికి ఈ లెక్క మారుతుంది.

నేను 9,000 పెట్టాను, 26,500 పెట్టలేదు. తాతగారి పుస్తకం రెండో ముద్రణకు కుట్టు, మెత్తటి అట్ట చెప్పేశాను. ఫొటోల ఫారం కూడా కుట్టులోనే వస్తుంది. శనివారం మొదటి కాపీ ఇస్తామన్నారు, అది ముందు అత్తయ్యకే.