సోమవారం జాయినింగ్, ఆఫర్ లెటర్ ఇంకా చేతికి రాలేదు

యాంకర్: తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు. నమస్తే అండీ, చెప్పండి.

కాలర్: నమస్తే సార్, నమస్తే మేడమ్. మూడు వారాల కిందట ఒక కంపెనీ హెచ్‌ఆర్ ఫోన్ చేసి, మీరు సెలెక్ట్ అయ్యారని చెప్పారు. జీతం ఎంతో, ఏ రోజు చేరాలో కూడా చెప్పారు. లెటర్ రెండు రోజుల్లో వస్తుందన్నారు. ఆ మాట మీద నేను ఇక్కడ రిజైన్ చేసేశాను. ఇవాళ మంగళవారం. శుక్రవారంతో ఇక్కడ నా పని అయిపోతుంది, సోమవారం అక్కడ చేరాలి. లెటర్ మాత్రం ఇంకా రాలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు మేడమ్.

సలహాదారు: పట్టదండీ, ఎవరికైనా అంతే. మీకింకా మూడు పనిదినాలున్నాయి, వాటిని ఎలా వాడుకోవాలో చూద్దాం. హెచ్‌ఆర్ నుంచి వచ్చిన చివరి మెసేజ్ ఫోన్‌లో ఉందా? ఉన్నది ఉన్నట్టు చదవండి.

కాలర్: ‘ఇన్ ప్రాసెస్. విల్ అప్‌డేట్ యూ సూన్’ అని ఉంది మేడమ్.

సలహాదారు: దానికి ముందు మీరేమని అడిగారు?

కాలర్: ‘ఎనీ అప్‌డేట్ మేడమ్?’ అని.

సలహాదారు: అలా అడిగితే వచ్చే జవాబు అదే. ఎవరైనా సరే, పది మందికి ఒకేసారి అదే టైప్ చేసి పంపేస్తారు. లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది. మిమ్మల్ని ఎంపిక చేశాక, ఆ పోస్టుకి, ఆ జీతానికి పైవాళ్లు ఒప్పుకోవాలి. అది అప్రూవల్. తర్వాత మీ పాత ఉద్యోగాలూ సర్టిఫికెట్లూ సరిచూస్తారు. అది వెరిఫికేషన్. ఆ తర్వాతే లెటర్ తయారై మీకు వస్తుంది. కొన్ని చోట్ల లెటర్ ముందు ఇచ్చి, వెరిఫికేషన్ తర్వాత చేస్తారు.

కాలర్: అయితే నాది ఎక్కడ ఆగినట్టు?

సలహాదారు: అదే తేలాలి, ఎందుకంటే ఒక్కోచోట ఆగితే ఒక్కో అర్థం. లెటర్ పంపేసి ఉండి, మీ మెయిల్ ఐడీలో ఒక అక్షరం తప్పు పడిందనుకోండి, అయిదు నిమిషాల పని. వెరిఫికేషన్ దగ్గర ఆగితే, మీ పాత కంపెనీ జవాబివ్వడం లేదని అర్థం. అక్కడికి మీరే ఫోన్ చేసి కదిలించొచ్చు. అప్రూవల్ దగ్గరే ఆగిందంటే మాత్రం జాగ్రత్త పడాలి. అప్పుడు ఆలస్యమైంది కాగితం కాదు. ఆ ఉద్యోగం మీకివ్వాలన్న నిర్ణయమే లోపల ఇంకా పూర్తి కాలేదన్నమాట. ఫోన్ చేసినావిడ మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు, కానీ ఆ మాటిచ్చే అధికారం ఆవిడకి లేకపోవచ్చు.

యాంకర్: నోటిమాటకి విలువ ఉండదా మేడమ్?

సలహాదారు: చాలా దేశాల చట్టాల్లో నోటిమాటకీ విలువ ఉంటుందండీ. కానీ ఏం మాట్లాడుకున్నారో నిరూపించడం కష్టం, పైగా వెరిఫికేషన్ లాంటి షరతులు ఉండనే ఉంటాయి. శుక్రవారంలోపు ఈయనకి ఆ దారి పనికిరాదు. అందుకే ఆ నోటిమాటని మనమే రాతలో పెడదాం. రాసుకోండి బాబూ.

కాలర్: చెప్పండి మేడమ్.

సలహాదారు: మెసేజ్ కాదు, మెయిల్ పెట్టండి. సబ్జెక్ట్‌లో మీ పేరు, పోస్టు పేరు, ‘సోమవారం జాయినింగ్, ఆఫర్ లెటర్ అందలేదు’ అని ఉండాలి. తెరవకపోయినా సంగతి తెలియాలి. లోపల ఇలా రాయండి: ‘ఫలానా తేదీన మీరు ఫోన్‌లో ఈ పోస్టు, ఈ జీతం, ఈ జాయినింగ్ తేదీ చెప్పారు. నేను అంగీకరించాను. ఆ మాట మీద ఇక్కడ రాజీనామా ఇచ్చాను, శుక్రవారం నా చివరి రోజు. ఇందులో తేడా ఏమైనా ఉంటే చెప్పగలరు. లెటర్ ప్రస్తుతం అప్రూవల్‌లో ఉందా, వెరిఫికేషన్‌లో ఉందా, లేక పంపించారా? రేపు సాయంత్రంలోగా తెలియజేస్తే ఇక్కడ నా చివరి రోజు విషయం తేల్చుకుంటాను.’ అంతే. నిష్ఠూరం వద్దు, బతిమాలడమూ వద్దు.

కాలర్: జవాబు రాకపోతే?

సలహాదారు: రేపు పొద్దున ఫోన్ చేసి, మెయిల్ చూశారా అని అడగండి. ఫోన్‌లో ఏం చెప్పినా, ‘మీరిప్పుడు చెప్పినట్టు’ అంటూ అదే మెయిల్ కింద రెండు వాక్యాలు రాసి పంపండి. మధ్యాహ్నానికీ తేలకపోతే, మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కి రాయండి. ఆయనతో మాటలున్నాయా?

కాలర్: ‘వెల్‌కమ్ టు ద టీమ్’ అని మెసేజ్ పెట్టారు మేడమ్.

సలహాదారు: మంచిది, స్క్రీన్‌షాట్ తీసి దాచండి. హెచ్‌ఆర్ మీద ఫిర్యాదులా కాకుండా, ‘సోమవారం రావడానికి సిద్ధంగా ఉన్నాను, లెటర్ ఒక్కటే మిగిలింది, మీ వైపు నుంచి చేయాల్సింది ఏమైనా ఉందా’ అని అడగండి. ఖాళీ సీటుతో ఇబ్బంది పడేది ఆయన టీమే కాబట్టి పైకి ఫోన్ చేస్తారు. చాలాసార్లు ఆయన చేసే ఆ ఒక్క ఫోన్‌తోనే పని జరుగుతుంది. ఆయన కూడా ‘హెచ్‌ఆర్‌నే అడగండి’ అని తప్పుకుంటే, అప్రూవల్ రాలేదనే అనుమానించాలి.

కాలర్: మరి ఇక్కడి ఉద్యోగం?

సలహాదారు: అన్నిటికంటే నాకు భయం అక్కడే. శుక్రవారం సాయంత్రం మీ ఐడీ కార్డు ఇచ్చేసి, లాగిన్ ఆగిపోయాక వెనక్కి రావడం చాలా కష్టం. రాజీనామా వెనక్కి తీసుకోవడం సాధారణంగా ఇప్పటి కంపెనీ ఒప్పుకుంటేనే కుదురుతుంది, మీ హక్కుగా అడగలేరు. కానీ చివరి రోజుని ఒకటి రెండు వారాలు పొడిగించమంటే చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకీ పని అప్పజెప్పించుకోవడానికి టైమ్ దొరుకుతుంది. గురువారం మధ్యాహ్నానికి లెటర్ రాకపోతే మీ మేనేజర్ దగ్గరికి వెళ్లండి. కథలు అల్లొద్దు. ‘కొత్త చోట చేరే తేదీ ఇంకా ఖాయం కాలేదు, నా చివరి రోజు పొడిగించగలరా’ అని అడగండి. ఒప్పుకుంటే అదీ మెయిల్‌లో తీసుకోండి. వెంటనే అక్కడ కూడా, లెటర్ వచ్చాక ఇన్ని రోజులకి చేరతానని చెప్పేయండి.

కాలర్: అడిగితే చులకనైపోతానేమో అని...

సలహాదారు: ఆ కాసేపు ఇబ్బందిగానే ఉంటుంది బాబూ. జీతం లేకుండా ఇంట్లో కూర్చుని ఆ ఫోన్ కోసం ఎదురుచూడటం అంతకంటే కష్టం. అడగండి.

యాంకర్: వీళ్లు పొడిగించకపోతే, లెటర్ లేకుండానే సోమవారం వెళ్లి చేరిపోవచ్చా?

సలహాదారు: కంపెనీ మెయిల్ ఐడీ నుంచి పోస్టు, జీతం, తేదీ రాసిన మెయిల్ ఒక్కటైనా ఉంటే వెళ్లండి, మొదటిరోజే లెటర్ అడిగి తీసుకోండి. అదీ లేకపోతే పని మొదలుపెట్టొద్దు. నెలాఖరున జీతం తేడా వస్తే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఇంకో మాట, లెటర్ రిలీజ్ చేయడానికి ఫీజు, డిపాజిట్ అని డబ్బు అడిగితే అది మోసమే, అక్కడితో ఆపేయండి.

కాలర్: అలాంటిదేమీ అడగలేదు మేడమ్. శుక్రవారం రాత్రి హడావుడిగా లెటర్ వస్తే వెంటనే ఒప్పుకోవాలా?

సలహాదారు: ముందు జీతం చూడండి. ఫోన్‌లో చెప్పిన అంకె మొత్తం ఖాయంగా వచ్చేదేనా, అందులో కొంత బోనస్‌గా చూపించారా అన్నది చదవండి. తర్వాత జాయినింగ్ తేదీ, ఆపైన ‘సబ్జెక్ట్ టు’ అని మొదలయ్యే వాక్యాలు. అక్కడే షరతులుంటాయి. తేడా ఉంటే సంతకం పెట్టకుండా, మీరు ఇవాళ పంపబోయే మెయిల్‌కే రిప్లైగా ఆ తేడా రాయండి. అంకె అందులో ముందే ఉంటుంది కాబట్టి కొత్తగా వాదించక్కర్లేదు. పంపే ముందు స్పామ్ ఫోల్డర్ ఒకసారి చూడండి. అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీ కూడా అక్షరం అక్షరం సరిచూసుకోండి.

కాలర్: లైన్ పెట్టేయగానే చూస్తాను మేడమ్.